గీత తిన్నగానే వచ్చింది, గుర్తు మాత్రం తప్పింది: నీరు, టోలీన్‌ల మధ్య బెంజోయిక్ ఆమ్లం

అదే ఆమ్లం, అవే రెండు ద్రావణులు, అదే 25 డిగ్రీల ఉష్ణోగ్రత. నాలుగు సీసాల్లో నాలుగు వేర్వేరు మోతాదుల బెంజోయిక్ ఆమ్లం వేసి, నీటి పొరలోనూ టోలీన్ పొరలోనూ ఎంతెంత చేరిందో టైట్రేషన్‌తో కొలిచారు. రెండు పొరల గాఢతల నిష్పత్తి అన్ని సీసాల్లోనూ ఒకటే రావాలని వితరణ సూత్రం చెబుతుంది. కానీ మొదటి సీసాలో 1.92 వచ్చింది, నాలుగో సీసాలో 7.99. కొలతలో పొరపాటు వల్ల నాలుగు రెట్ల తేడా రాదు. పైగా అంకెలు చెల్లాచెదురుగా లేవు, మోతాదుతో పాటు వరసగా పెరుగుతూ పోయాయి. ఈ కేసులో తేల్చాల్సింది రెండు విషయాలు: మారుతూ పోయే ఈ నిష్పత్తిలో నిజమైన స్థిరాంకం ఎక్కడుంది? దాన్ని ప్రామాణిక స్వేచ్ఛాశక్తి మార్పు, అంటే ΔG°, సూత్రంలో పెడితే వచ్చే విలువకు అర్థమేమిటి?

ముందుగా ఒక మాట. ఇక్కడి అంకెలు ఈ వ్యవస్థలో మామూలుగా కనిపించే స్థాయిలోనివే. అయితే చేత్తో లెక్క కట్టుకోవడానికి వీలుగా వాటిని గుండ్రం చేశాం, కొలతల్లో సహజంగా ఉండే చిన్న ఒడుదొడుకులు తీసేశాం. పద్ధతి అర్థం చేసుకోవడానికి వాడండి, రిఫరెన్స్ విలువలుగా ఎత్తి రాయకండి.

సీసాల తయారీ

మొదటి పని రెండు ద్రావణులనూ ఒకదానితో ఒకటి సంతృప్తం చేయడం. కలవని ద్రావణులంటే బొత్తిగా కలవనివని కాదు. లీటరు నీటిలో అర గ్రాము దాకా టోలీన్ కరుగుతుంది, టోలీన్‌లోకీ కాస్త నీరు చేరుతుంది. ఆ కాస్త నీటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. టోలీన్‌లోని ఆమ్ల అణువులు కొన్ని ఆ నీటి అణువులతో జతకడతాయి, కాబట్టి పొడి టోలీన్‌లో కొలిచిన స్థిరాంకాలు, నీటితో తడిసిన టోలీన్‌లో కొలిచినవి ఒకటి కావు. మరిగించి చల్లార్చిన స్వేదనజలం, టోలీన్ ఒక పెద్ద సీసాలో తీసుకుని అప్పుడప్పుడు కలుపుతూ రాత్రంతా ఉంచి, మర్నాడు పొరలు వేరుచేసి వాడుకోవాలి. నీటిని మరిగించేది కార్బన్ డై ఆక్సైడ్‌ను తరిమేయడానికి.

150 మి.లీ. గాజు మూత సీసాలు నాలుగు తీసుకుని, ఒక్కోదానిలో 50 మి.లీ. నీరు, 50 మి.లీ. టోలీన్ పోసి, వరసగా 22, 55, 152, 478 మిల్లీగ్రాముల బెంజోయిక్ ఆమ్లం వేయాలి. రబ్బరు మూతలు వద్దు, టోలీన్ తగిలితే అవి ఉబ్బుతాయి. మూతకు గ్రీజు కూడా రాయొద్దు, అది కరిగి పొరలోకి చేరుతుంది. టోలీన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది, అంటే గది ఉష్ణోగ్రతలో దాని ఆవిరి నిప్పు అందుకుంటుంది. అందువల్ల ఈ పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

సీసాలను వాటర్ బాత్‌లో 25 డిగ్రీల దగ్గర ఉంచి, మధ్యమధ్యలో తీసి నెమ్మదిగా తిరగేస్తూ ఉండాలి. గట్టిగా కుదిపితే సమతాస్థితి త్వరగా వస్తుందనుకుంటారు. వస్తుంది, కానీ దానితో పాటు ఎమల్షన్ కూడా వస్తుంది, అది విడిపోవడానికి పట్టే సమయం ముందు మిగిలిన సమయాన్ని మింగేస్తుంది. ఒక్కో విడతకు ముప్పై నలభై సార్లు తిరగేస్తూ మూడు నాలుగు విడతలు చేసి, చివర గంటసేపు కదపకుండా నిలబెడితే చాలు.

సమతాస్థితి వచ్చిందని తెలిసేదెలా? రెండు వైపుల నుంచీ వచ్చి చూడాలి. రెండో సీసాకు జంటగా మరోటి పెట్టి, ఒకదానిలో ఆమ్లాన్ని ముందు నీటిలోనూ మరోదానిలో ముందు టోలీన్‌లోనూ కరిగించండి. రెండూ ఒకే విలువ దగ్గరకు వస్తే సమతాస్థితి చేరినట్టే. ఈ పరీక్షకు నాలుగో సీసా పనికిరాదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగే బెంజోయిక్ ఆమ్లం సుమారు 3.4 గ్రాములు. 50 మి.లీ.లో 478 మి.గ్రా. అంటే లీటరుకు తొమ్మిదిన్నర గ్రాముల లెక్క, అది నీటిలో కరగక అడుగున కూర్చుంటుంది. 55 మి.గ్రా. అయితే కాస్త ఓపికతో కలిపితే కరిగిపోతుంది.

పొరలు తీయడం, టైట్రేషన్

ప్రయోగంలో ఎక్కువ తప్పులు ఈ దశలోనే జరుగుతాయి. నీటి పొర కింద ఉంటుంది, పిపెట్ పైనున్న టోలీన్ గుండా దిగాలి. దించేటప్పుడు పై కొనకు బల్బు తగిలించి, కింది కొన నుంచి గాలి బుడగలు ఒకటొకటిగా వచ్చేలా కొద్దిగా ఒత్తిడి ఇస్తూ దించితే టోలీన్ లోపలికి చేరదు. బయటికి తీశాక కొనను టిష్యూతో తుడవాలి. ఈ జాగ్రత్త ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. నాలుగో సీసాలో టోలీన్ పొర గాఢత నీటి పొరకు ఎనిమిది రెట్లు. 20 మి.లీ. నీటి నమూనాలో 0.1 మి.లీ. టోలీన్, అంటే రెండు చుక్కలు, కలిసినా నీటి పొర గాఢత 4 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. నీటి పొర కాస్త మసకగా ఉన్నా అందులో టోలీన్ తుంపరలు ఉన్నట్టే. అప్పుడు సెంట్రిఫ్యూజ్ చేయకుండా ముందుకు పోకండి.

నీటి పొర నుంచి 20 మి.లీ. తీసి, ఫినాఫ్తలీన్ సూచికతో 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే నాలుగు సీసాలకూ వరసగా 2.50, 4.71, 9.00, 17.42 మి.లీ. పట్టింది. టోలీన్ పొర నుంచి 10 మి.లీ. తీసి, ముందుగా తటస్థం చేసిన ఇథనాల్ 10 మి.లీ., మరిగించి చల్లార్చిన నీరు 20 మి.లీ. కలిపి టైట్రేట్ చేయాలి. మొదటి రెండు సీసాలకు 0.01 మోలార్ క్షారం 2.40, 6.60 మి.లీ. పట్టింది. గాఢత ఎక్కువైన మిగతా రెంటికీ 0.05 మోలార్ వాడితే 4.08, 13.92 మి.లీ. పట్టింది. టోలీన్ పొర టైట్రేషన్‌లో గులాబీ రంగు మొదట కనబడగానే ఆపేయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. అప్పటికి నీటిలోని ఆమ్లం మాత్రమే అయిపోయి ఉంటుంది, టోలీన్‌లో ఇంకా మిగిలి ఉంటుంది. ఫ్లాస్క్‌ను మూతపెట్టి గట్టిగా కుదిపితే అది నీటిలోకి దిగి రంగు మాయమవుతుంది. కుదిపాక కూడా అర నిమిషం నిలిచిన రంగే ముగింపు.

మొదటి సీసా రీడింగ్ 2.50 మి.లీ. మాత్రమే కనుక అక్కడ 0.05 మి.లీ. తేడా వచ్చినా 2 శాతం పోతుంది. ఆమ్లం వేయని ఇంకో సీసాను కూడా ఇదే తంతులో నడిపి, దాని రీడింగ్‌ను బ్లాంక్‌గా తీసివేయాలి. పై అంకెలు బ్లాంక్ తీసేసినవి. చివరగా రెండు పొరల్లో దొరికిన ఆమ్లాన్ని కూడి, వేసిన బరువుతో పోల్చండి. నాలుగో సీసాలో 50 మి.లీ. నీటిలో 0.4355 మిల్లీమోల్, టోలీన్‌లో 3.48 మిల్లీమోల్, వెరసి 478 మి.గ్రా.కు సరిపోయింది. రెండు శాతానికి మించి తేడా వస్తే ఆ సీసాను లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

నిష్పత్తి ఎందుకు పెరిగింది

| సీసా | నీటి పొర మొత్తం (మిల్లీమోలార్) | టోలీన్ పొర మొత్తం (మిల్లీమోలార్) | నిష్పత్తి |
|---|---|---|---|
| 1 | 1.25 | 2.40 | 1.92 |
| 2 | 2.355 | 6.60 | 2.80 |
| 3 | 4.50 | 20.4 | 4.53 |
| 4 | 8.71 | 69.6 | 7.99 |

బెర్తెలో, యుంగ్‌ఫ్లైష్ 1872లో ఈ వితరణ నిష్పత్తిని మొదట పరిశీలించారు. 1891లో నెర్న్‌స్ట్ దానికి ఒక ముఖ్యమైన షరతు చేర్చాడు: రెండు పొరల్లోనూ ఒకే రూపంలో ఉన్న అణువుకే నిష్పత్తి స్థిరంగా ఉంటుంది. టైట్రేషన్‌కు ఈ తేడా కనిపించదు. క్షారం ముందు అన్నీ ఆమ్లమే, ఏది ఏ రూపంలో ఉందో అది చెప్పదు.

బెంజోయిక్ ఆమ్లం నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, విడి అణువుగానూ బెంజోయేట్ అయానుగానూ. టోలీన్‌లోనూ రెండు రూపాలే, కానీ వేరేవి: విడి అణువు, రెండు అణువులు ఎదురెదురుగా కార్బాక్సిల్ సమూహాలతో రెండు హైడ్రోజన్ బంధాలు వేసుకున్న డైమర్. విడి అణువు ఒక్కటే రెండు పొరలకూ ఉమ్మడి రూపం. స్థిరాంకం దానిదే.

మోతాదు పెరిగిన కొద్దీ నిష్పత్తి ఎందుకు పెరిగిందో ఇప్పుడు చూడొచ్చు. డైమర్ గాఢత విడి అణువు గాఢత వర్గానికి అనులోమంగా ఉంటుంది. విడి అణువు రెండింతలైతే డైమర్ నాలుగింతలు. అందుకే మోతాదు పెరిగేకొద్దీ టోలీన్ వైపు మొగ్గు. అటు పలచని వైపు చూస్తే నీటిలో అయాన్ల వాటా పెరుగుతుంది. నీటిలో విడి అణువు గాఢతను h అంటే, అయానీకరణ స్థిరాంకం Ka విలువ 6.3 × 10⁻⁵ కాబట్టి:

```
నీటి పొర మొత్తం:    Cw = h + √(Ka·h)
టోలీన్ పొర మొత్తం:  Co = K·h + 2·K2·K²·h²
```

ఇక్కడ K విడి అణువు వితరణ గుణకం, K2 టోలీన్‌లో డైమర్ ఏర్పడే స్థిరాంకం. మొదటి సమీకరణం నుంచి ఒక్కో సీసాకూ h తీస్తే 1.00, 2.00, 4.00, 8.00 మిల్లీమోలార్ వస్తాయి. మొదటి సీసాలో నీటి పొర ఆమ్లంలో అయిదో వంతు అయాన్లుగా ఉంది, నాలుగో దానిలో అది 8 శాతమే. అయాన్ల యాక్టివిటీ సవరణ ఇక్కడ అర శాతానికి లోపే, దాన్ని వదిలేయవచ్చు.

ఇప్పుడు Co/h ను h మీద గీస్తే 2.4, 3.3, 5.1, 8.7. నాలుగు బిందువులూ ఒక్క సరళరేఖ మీద కూర్చుంటాయి. నిలువు అక్షాన్ని ఆ రేఖ తాకే చోటు 1.5, అదే K. h ను మోలార్‌లో తీసుకుంటే వాలు 900, అంటే 2·K2·K². దాని నుంచి K2 = 200. తేలిందేమిటంటే, విడి అణువు నాలుగు సీసాల్లోనూ ఒకే నిష్పత్తిలో పంచుకుంది, నీటిలో ఒక వంతుంటే టోలీన్‌లో ఒకటిన్నర వంతు. పెరిగినట్టు కనబడిందంతా డైమర్ మూటకట్టి పెట్టుకున్న సరుకు. మొదటి సీసా టోలీన్ పొరలో డైమర్ వాటా 37.5 శాతం, నాలుగో దానిలో 83 శాతం.

రెండు తప్పుడు దారులు

పాఠ్యపుస్తకాల్లో దీనికి అడ్డదారి ఒకటుంది. టోలీన్‌లో ఆమ్లమంతా డైమరే అనుకుని, Co/Cw² స్థిరంగా ఉండాలంటారు. మన అంకెలతో చూస్తే అది 1530, 1190, 1010, 917. స్థిరం కాలేదు, తగ్గుతూ పోయింది. ఇంకొందరు log Co ను log Cw మీద గీసి వాలు తీస్తారు. మొదటి, చివరి సీసాల మధ్య అది 1.74 వస్తుంది. దాన్ని 2కు గుండ్రం చేసి, అణువులు రెండేసి కలిశాయని రాసేస్తారు. ముగింపు నిజమే అయినా తర్కం చెల్లదు. వర్గ సూత్రం ఒక హద్దు మాత్రమే: గాఢత బాగా ఎక్కువై డైమర్‌దే పైచేయి అయినప్పుడే అది దగ్గరికి వస్తుంది. 1.74 అనేది అణువుల సంఖ్య కాదు, రెండు రూపాల మిశ్రమం ఈ నాలుగు గాఢతల మధ్య చూపిన సగటు వాలు.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది తప్పులా కనిపించదు. డైమర్‌ను లెక్కలోకి తీసుకుని అయానీకరణను మర్చిపోయారనుకుందాం. అప్పుడు Co/Cw ను నేరుగా Cw మీద గీస్తారు. బిందువుల మధ్య వాలులు సుమారు 800, 806, 822 వస్తాయి. గ్రాఫ్ పేపరు మీద చూస్తే ఇది చక్కని సరళరేఖ, సహసంబంధ గుణకం 0.999 దాటుతుంది. ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ రేఖ అక్షాన్ని తాకేది 1.5 దగ్గర కాదు, 0.9 దగ్గర. K2 కూడా 200కు బదులు 500 చుట్టూ తేలుతుంది.

K విలువ 1.5 అయితే విడి అణువుకు టోలీన్ అంటే కాస్త ఇష్టం. 0.9 అయితే నీరంటేనే ఇష్టం. స్వేచ్ఛాశక్తి మార్పులో రెండోది +0.26 కిలోజౌళ్లు, మొదటిది −1.0. అంటే గీత తిన్నగా వచ్చినా ΔG° గుర్తే తిరగబడింది. దీన్ని పట్టుకోవాలంటే రేఖను నమ్ముకోకుండా ఇంకో సీసా కలపాలి, h విలువ 0.2 మిల్లీమోలార్ కన్నా తక్కువగా ఉండేలా. అయానీకరణను వదిలేసిన లెక్కలో ఆ బిందువు రేఖ కిందికి జారుతుంది. లేదా నీటి పొరలో 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పెట్టి అయానీకరణను అర శాతం చుట్టుపక్కలకు అణచేయవచ్చు. అయితే అప్పుడు టైట్రేషన్ పనికిరాదు, అతినీలలోహిత శోషణం కొలవాలి. నీటిలో కరిగిన టోలీన్ కూడా 260 నానోమీటర్ల చుట్టూ శోషిస్తుంది కాబట్టి బ్లాంక్‌గా మామూలు నీరు కాక టోలీన్‌తో సంతృప్తమైన ఆమ్లపు నీరే పెట్టాలి.

ఇంకో మాట. బాగా పలచన చేస్తే నిష్పత్తి అసలు K విలువను చేరుతుందని చాలామంది అనుకుంటారు. pH ను కట్టిపెట్టని నీటిలో అది జరగదు. పలచన చేసేకొద్దీ డైమర్ పోతుంది, కానీ అయాన్ పెరుగుతుంది. మొత్తాల నిష్పత్తి 1.5 దగ్గర ఆగకుండా దాన్ని దాటి సున్నా వైపు పోతూనే ఉంటుంది.

1.5 అంటే ఏమిటి

సమతాస్థితిలో రెండు పొరల్లో సమానమయ్యేది గాఢత కాదు, కెమికల్ పొటెన్షియల్. ఒక పొరలోకి ఇంకో అణువు చేరితే ఆ పొర స్వేచ్ఛాశక్తి ఎంత పెరుగుతుందో చెప్పేదే కెమికల్ పొటెన్షియల్. అది ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉన్నంతకాలం అణువులు ఎక్కువ నుంచి తక్కువకు కదులుతాయి. పలచని ద్రావణంలో దాన్ని రెండు ముక్కలుగా రాస్తాం: ద్రావణి స్వభావం వల్ల వచ్చేది, గాఢత వల్ల వచ్చేది.

```
μ = μ° + RT ln c
నీరు, టోలీన్‌లలో μ సమానం అయితే:
RT ln(c_o / c_w) = μ°_w − μ°_o
K = exp(−ΔG°/RT),   ΔG° = μ°_o − μ°_w
```

గాఢతల నిష్పత్తి స్థిరంగా ఉండడానికి కారణం రెండో వరసలోనే ఉంది. కుడివైపు గాఢత లేదు, రెండు ద్రావణుల స్వభావమే ఉంది. ఆ స్వభావపు తేడాను పూడ్చడానికి గాఢతల్లో ఎంత తేడా కావాలో K చెబుతుంది. 25 డిగ్రీల దగ్గర RT 2.479 కిలోజౌళ్లు, ln 1.5 విలువ 0.405. ΔG° = −1.0 కిలోజౌల్/మోల్. RT లో సగం కూడా లేదు. అంటే విడి బెంజోయిక్ ఆమ్ల అణువుకు రెండు పొరలూ దాదాపు సమానమే. బెంజీన్ వలయం టోలీన్ వైపు లాగుతుంది, కార్బాక్సిల్ సమూహం నీటి వైపు లాగుతుంది, తాడు మధ్యలో నిలుస్తుంది. డైమర్ అయినప్పుడు రెండు కార్బాక్సిల్‌లూ ఒకదానిలో ఒకటి దాక్కుంటాయి, నీటి వైపు లాగే చెయ్యి లేకుండా పోతుంది. టోలీన్‌లో ఆ రెండు హైడ్రోజన్ బంధాల వల్ల డైమర్ ఏర్పడే ΔG° ఏకంగా −13.1 కిలోజౌళ్లు.

ఈ రెంటినీ కూర్చి ఒకే చర్యగా కూడా రాయవచ్చు. నీటిలోని రెండు విడి అణువులు టోలీన్‌లో ఒక డైమర్‌గా మారే చర్య స్థిరాంకం K2·K² = 450, దాని ΔG° −15.1. రెండుసార్లు −1.0, ఒకసారి −13.1 కూడితే అదే వస్తుంది. డైమర్ కూడా నీటిలోని విడి అణువుతో సమతాస్థితిలోనే ఉందన్నమాట, దాని లెక్క వేరే స్థిరాంకంలో నడుస్తుందంతే. నాలుగో సీసా 7.99ను సూత్రంలో పెట్టి −5.2 కిలోజౌళ్లు అని రాసేవాళ్లు ఈ రెండు చర్యలనూ, పైగా అయానీకరణనూ, ఒకే అంకెలో కలిపి కొడుతున్నారు. ఆ అంకె ఏ చర్యకూ చెందదు. మోతాదు మారిస్తే అదీ మారుతుంది, ప్రామాణిక విలువ అలా మారకూడదు.

ఇక్కడే ఇంకో గందరగోళం. ΔG° ఋణాత్మకం కదా, మరి ఆమ్లమంతా టోలీన్‌లోకి ఎందుకు పోలేదు? ΔG°, ΔG ఒకటి కావు. ΔG° అంటే రెండు పొరల్లోనూ ఒక్కో మోలార్ గాఢత ఉందని ఊహించుకుని, ద్రావణాలు ఆదర్శంగా ఉన్నాయనుకుని, నీటి నుంచి టోలీన్‌కు మోల్ అణువులు మార్చినప్పుడు వచ్చే తేడా. నిజంగా సీసాలో జరిగేదాన్ని నడిపించేది ΔG = RT ln(Q/K), ఇక్కడ Q ఆ క్షణంలో ఉన్న నిష్పత్తి. ఆమ్లాన్ని నీటిలో కరిగించి మొదలుపెడితే Q సున్నా నుంచి పెరుగుతూ వచ్చి 1.5 చేరగానే ΔG సున్నా అవుతుంది, ఆగిపోతుంది. టోలీన్ నుంచి మొదలుపెడితే పైనుంచి దిగి అక్కడికే వస్తుంది. జంట సీసాల పరీక్ష నిజానికి దీన్నే చూపిస్తోంది.

ΔG° విలువ ఏ కొలమానంలో గాఢత రాశామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. మోలారిటీకి బదులు మోల్ భాగం వాడదాం. పలచని ద్రావణంలో మోల్ భాగం అంటే గాఢతను ద్రావణి మోలార్ ఘనపరిమాణంతో గుణించడమే. టోలీన్‌కు అది 106.9 మి.లీ., నీటికి 18.07 మి.లీ. రెంటి నిష్పత్తి 5.92. కాబట్టి మోల్ భాగాల్లో K = 8.9, ΔG° = −5.4 కిలోజౌళ్లు. అదే సీసా, అదే ఆమ్లం, ఒక లెక్కలో −1.0, మరో లెక్కలో −5.4. రెండూ సరైనవే. 4.4 తేడా అణువుల ఇష్టాయిష్టాల వల్ల వచ్చింది కాదు, టోలీన్ అణువు నీటి అణువు కన్నా పెద్దది కావడం వల్ల వచ్చింది. రెండు ద్రావణుల ఆకర్షణను పోల్చాలంటే మోలారిటీ విలువే మేలు. ఏది వాడినా, ప్రామాణిక స్థితి రాయకుండా ΔG° రాస్తే చదివేవాడికి ఉపయోగం లేదు.

ఉష్ణోగ్రత విషయం కాస్త చెప్పి వదిలేద్దాం. ln K ను 1/T మీద గీస్తే బదిలీ ఎంథాల్పీ వస్తుంది, కానీ అది విడి అణువు K అయితేనే. కొలిచిన నిష్పత్తినే గీస్తే, వేడికి డైమర్ విడిపోవడం కూడా అందులో చేరి, రెండు ఎంథాల్పీల కలగూరగంప తయారవుతుంది. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా నాలుగు సీసాలూ పెట్టి, K, K2 విడదీసి, ఆ తర్వాతే గీయాలి.

వెలికితీతలో దీని ఖరీదు

నాలుగో సీసా నీటి పొరను వేరుచేసి, దానిలో మిగిలిన ఆమ్లాన్ని తాజా టోలీన్‌తో లాగేయాలనుకుందాం. నిష్పత్తి 8 కదా అనుకుంటే, సమాన ఘనపరిమాణం టోలీన్‌తో ఒకసారి కలిపితే తొమ్మిదో వంతే మిగలాలి. 8.71 మిల్లీమోలార్ కాస్తా 0.97కు, ఇంకోసారి చేస్తే 0.11కు దిగాలి. నాలుగో సీసానే మొదటి విడతగా తీసుకుని, పై సమీకరణాలతో సరిగ్గా లెక్క కడితే రెండో విడత తర్వాత మిగిలేది 2.31, మూడో విడత తర్వాత 0.88. అనుకున్నదానికి ఎనిమిది రెట్లు. ఒక్కో విడత తర్వాతా నీరు పలచనవుతుంది, పలచనైన కొద్దీ డైమర్ సాయం తగ్గుతుంది, మొదటి విడతలో కనిపించిన నిష్పత్తి మళ్లీ ఎప్పటికీ రాదు.

నీటిని ఆమ్లీకరిస్తే అయాన్లుగా దాగిన వాటా తిరిగి వస్తుంది, కానీ లాభం పరిమితమే. వేరుచేసిన నీటి పొరలో 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండేలా చేసి మిగతా రెండు విడతలూ నడిపితే, మూడో విడత తర్వాత 0.88కు బదులు 0.66 మిగులుతుంది. అంతకు కింద ఎన్ని విడతలు చేసినా ఒక్కోసారి దాదాపు 40 శాతం మిగులుతూనే ఉంటుంది, ఎందుకంటే అక్కడ పనిచేసేది 1.5 ఒక్కటే. పలచని నీటి నుంచి బెంజోయిక్ ఆమ్లాన్ని పూర్తిగా తీయాలంటే టోలీన్‌ను వదిలి, కార్బాక్సిల్ సమూహానికి తానే హైడ్రోజన్ బంధం ఇవ్వగల ద్రావణికి మారాలి. ఆక్టనాల్‌లో విడి బెంజోయిక్ ఆమ్లానికి log P 1.87, అంటే K సుమారు 74, ΔG° −10.7 కిలోజౌళ్లు. అక్కడ అణువుకు తోడు కోసం ఇంకో ఆమ్ల అణువు అక్కర్లేదు, ద్రావణే తోడు. అందువల్ల డైమర్ పాత్ర తగ్గిపోయి, పలచన చేసినా నిష్పత్తి టోలీన్‌లోలా పడిపోదు. అయితే ఆ 74 కూడా విడి అణువుదే. నీటి pH 7.4 దగ్గర పెడితే ఆమ్లంలో దాదాపు అంతా అయానుగా మారి, మొత్తాల నిష్పత్తి 0.05 దగ్గరికి పడిపోతుంది. కాబట్టి అక్కడ కూడా నీటి pH ను 2 దగ్గరికి దించాకే ఆక్టనాల్ పోయాలి.